ఆరు ప్రశ్నార్థకాలు

చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ దిగాక ఎడమ వైపు ఒక హార్డ్‌వేర్ దుకాణం ఉండేది. దాని పై అంతస్తులో రెండు గదుల్లో మా ఆఫీసు. కంప్యూటర్ ఆటలు తయారు చేసేవాళ్లం. మాదాపూర్‌లో అద్దెలు కట్టలేక మా యజమాని ఆఫీసును తన ఇంటికి దగ్గరగా పాతబస్తీకే తెచ్చుకున్నాడు. మేమంతా ఆయన్ని భాయ్ అనేవాళ్లం. నాకంటే ఎనిమిదేళ్లు చిన్నవాడైనా నేనూ అలాగే పిలిచేవాణ్ని. ఆయన నన్ను అన్నా అనేవాడు. ఆట కోడ్ ఆయనే రాసేవాడు. బొమ్మలు వేసేవాళ్లు ఇద్దరు. ఆట ఆడేవాళ్ల ఫిర్యాదులు చదివి జవాబు చెప్పే పని నాది.

ఆ పనిలోకి రాకముందు పద్నాలుగేళ్లు కాల్ సెంటర్లలో చేశాను. ఫిర్యాదు అందగానే మనిషిని అంచనా కట్టేయడం అక్కడ అలవాటైంది. పొడుగ్గా రాసేవాడు చాదస్తుడు, పొట్టిగా రాసేవాడు సోమరి, మర్యాదగా రాసేవాడికి ఆలస్యంగా జవాబిచ్చినా ఫరవాలేదు. ఇవి నేను ఎవరికీ చెప్పని సూత్రాలు. వాటి వల్ల నా పని వేగంగా జరిగేది. ఆ వేగాన్ని నేను నేర్పు అనుకున్నాను.

మా దగ్గరికి వచ్చే ప్రతి ఫిర్యాదుకూ ఒక నంబరు పడుతుంది. దాన్ని టికెట్ అంటాం. జవాబిచ్చి పని అయిపోయిందనుకుంటే టికెట్ మూసేస్తాం. ఆ మనిషి మళ్లీ రాస్తే అది తనంతట తానే తెరుచుకుంటుంది. ఎన్ని తెరిచి ఉన్నాయో గోడ మీది తెరలో పెద్ద అంకె కనిపిస్తుంది. శుక్రవారం భాయ్ జుమ్మా నమాజ్ చేసుకుని మూడింటికి వచ్చి, అందరినీ కూర్చోబెట్టి, ముందుగా ఆ అంకె వైపు చూసేవాడు. నేను చేరినప్పటి నుంచి శుక్రవారం మూడింటికి అక్కడ సున్నా తప్ప ఇంకో అంకె లేదు. "అన్నా కా జీరో" అని భాయ్ నవ్వేవాడు. ఆ మాట కోసం నేను ఏమేం చేసేవాణ్నో ఆయనకు తెలియదు.

ఆ ఏడాది మేము ఒక కొత్త ఆట మీద ఉన్నాం. చార్మినార్ చుట్టుపక్కల లాంటి ఇరుకు బజార్లలో, గాజుల బండ్లనూ మనుషులనూ తప్పించుకుంటూ ఆటో నడపాలి. విడుదలకు ముందు తప్పులు పట్టడానికి ఒక మనిషి కావాలి. భాయ్‌కి ఒక ఆలోచన వచ్చింది. ఆటలోని మొదటి ఐదు అంచెలను, అంటే లెవెల్స్‌ను, విద్యార్థులకు ఉచితంగా ఇద్దాం, రెండు వారాలు ఆడి కనిపించిన తప్పులు రాసి పంపమందాం, ఎవరు బాగా రాస్తే వాళ్లకు ట్రైనీ ఉద్యోగం అన్నాడు. ఐదో అంచె పూర్తి చేస్తే తెర మీద ఒక కోడ్ వస్తుంది. అది లేకుండా రిపోర్టు ఫారం తీసుకోదు. ఆడకుండానే రాసేవాళ్లను ఏరేయడానికి ఈ నియమం నేనే పెట్టించాను. గడువు శుక్రవారం సాయంత్రం ఆరు గంటలు.

ఆ గడువు వారంలో, బుధవారం పొద్దున ఒక టికెట్ వచ్చింది. డిగ్రీ మూడో ఏడు చదివే ఒక అమ్మాయి రాసింది. ఇప్పుడు నా దగ్గర ఆ ఉత్తరం కాగితం మీద ఉంది. అప్పుడు చదవలేదు కాబట్టి తరువాత చాలాసార్లు చదివాను.

"సార్, ఆట మొదలు పెట్టగానే నల్ల తెర వచ్చి రెండు సెకన్లలో మూసుకుపోతున్నది. ఎర్రర్ మెసేజ్ ఏమీ రాదు. పదిసార్లు ప్రయత్నించాను, పదిసార్లూ ఇట్లనే. నా లాప్‌టాప్ వివరాలు: విండోస్ 10, అరవై నాలుగు బిట్, ఐ3 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు, డిస్కులో 40 జీబీ ఖాళీ ఉంది. మీ పేజీలో చెప్పిన కనీస అర్హతలు ఇవే, అందుకే ఇది సరిపోతుందనుకుంటున్నాను. ఆట ఫోల్డర్‌లో ఒక లాగ్ ఫైల్ కనపడింది. మొత్తం పంపితే మీకు చదవడం కష్టమని, ఆగిపోయే ముందున్న నాలుగు వరుసలు ఇక్కడ పెడుతున్నాను. పూర్తి ఫైల్ కూడా జత చేశాను."

దాని కింద ఆ నాలుగు వరుసలు:

16:08:31 Save folder: C:\Users\??????\AppData\Roaming\
16:08:31 Create folder failed, error 123
16:08:31 Settings file not opened
16:08:31 Access violation 0xC0000005

లాగ్ అంటే ఆట తాను చేస్తున్న ప్రతి పనినీ ఎప్పటికప్పుడు రాసుకునే దినచర్య లాంటిది. ఈ నాలుగు వరుసల్లో కథంతా ఉంది. ఆటగాడి వివరాలు దాచుకోవడానికి ఆట ఒక ఫోల్డర్ చేయబోయింది, చేయలేకపోయింది. ఫోల్డర్ లేకపోతే అందులోని ఫైల్ తెరుచుకోలేదు. తెరుచుకోని ఫైల్‌ను తెరుచుకున్నట్టే వాడబోయి ఆట కుప్పకూలింది. ఎందుకు చేయలేకపోయిందో మొదటి వరుసలోనే కనిపిస్తోంది. కంప్యూటర్ యజమాని పేరు ఉండాల్సిన చోట ఆరు ప్రశ్నార్థకాలు ఉన్నాయి. విండోస్‌లో ఫోల్డర్ పేరులో ప్రశ్నార్థకం ఉండకూడదు. 123 అంటే అదే, ఈ పేరు చెల్లదు అని.

నా కళ్లు ఆ ఆరు గుర్తుల మీదుగానే వెళ్లాయి. ఆగలేదు. లాగ్ అడుగుతూ మేము పంపే, ముందే రాసిపెట్టుకున్న తయారు జవాబులో "లాగ్ పంపే ముందు మీ పేరు కనిపించకుండా చేయండి" అని ఒక వాక్యం ఉంటుంది. చాలామంది పేరు చెరిపి అక్కడ చుక్కలో, నక్షత్రాలో, ప్రశ్నార్థకాలో పెట్టి పంపేవాళ్లు. ఈ అమ్మాయి కూడా జాగ్రత్త కోసం పేరు దాచుకుందనుకున్నాను. మేము అడగకముందే ఎందుకు దాచుకుందని ఆలోచించలేదు. గ్రాఫిక్స్ కార్డు లేదన్న మాట దగ్గర నా చదువు ఆగిపోయింది. "మీ గ్రాఫిక్స్ డ్రైవర్‌ను అప్‌డేట్ చేసుకోండి" అనే మూడో నంబరు తయారు జవాబు పంపి టికెట్ మూశాను. నిమిషం కూడా పట్టలేదు.

గురువారం మధ్యాహ్నం టికెట్ తెరుచుకుంది.

"సార్, డ్రైవర్ అప్‌డేట్ చేశాను, ఫలితం లేదు. ఆట ఫైళ్లు మళ్లీ దించుకున్నాను, అదే. మా చిన్నమ్మ కొడుకు దగ్గర ఇదే మోడల్ లాప్‌టాప్ ఉంది. దాంట్లో పెట్టి చూశాను, చక్కగా నడిచింది. కాబట్టి మెషీన్ తక్కువది కావడం వల్ల కాదనుకుంటా. లాగ్‌లోని ప్రశ్నార్థకాలు నేను పెట్టినవి కావు, ఫైల్‌లో అట్లనే ఉన్నాయి. సార్, నేను ట్రైనీ ఉద్యోగానికి రిపోర్టు రాయాలి. రేపే ఆఖరు. మీ ఆఫీసు మా ఇంటికి పది నిమిషాల నడక. ఇంత దగ్గరైతేనే మా బాపు పంపుతానన్నడు. దయచేసి ఒకసారి చూడండి."

ఈసారి చదివాను. చదివి చిరాకు పడ్డాను. నేనిచ్చిన జవాబు తప్పని రుజువులతో చెబుతోంది. పైగా ఉద్యోగం మాట ఎత్తింది. జాలి కోసం రాసే ఉత్తరాలు పద్నాలుగేళ్లు చూసి వచ్చానని నాకు నేనే చెప్పుకున్నాను. "నేను పెట్టినవి కావు" అన్న వాక్యం దగ్గర క్షణం ఆగాను. భాయ్‌ని అడగాలనిపించింది. ఆయన చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కోడ్ రాస్తున్నాడు. ఇంత చిన్నదానికి కదిలిస్తే నాకు పని రాదనుకుంటాడేమో. "కొన్ని కంప్యూటర్లలో ఆట పనిచేయకపోవచ్చు, చింతిస్తున్నాము" అనే తొమ్మిదో నంబరు జవాబు పంపి మళ్లీ మూశాను.

శుక్రవారం. భాయ్ నమాజ్‌కు వెళ్లాడు. బొమ్మలు వేసే ఇద్దరూ భోజనానికి కిందికి దిగారు. గోడ మీద సున్నా ఉంది. రెండున్నరకు అది ఒకటి అయింది.

"సార్, కారణం దొరికింది. ఈ లాప్‌టాప్ కొన్నప్పుడు మా అమ్మ పేరు తెలుగులో టైపు చేసి అకౌంట్ చేసినం. అమ్మకు తెలుగు తప్ప చదవ రాదు. తెర మీద తన పేరు కనపడాలని అట్ల పెట్టినం. విండోస్ ఆ పేరుతోనే ఫోల్డర్ చేసింది. మీ ఆట తెలుగు అక్షరాలను చదవలేక ఒక్కోదానికి ఒక్కో ప్రశ్నార్థకం పెట్టుకుంటున్నది. అమ్మ పేరులో అక్షరాలు, గుణింతాలు, ఒత్తు గుర్తు కలిపి లెక్కపెడితే సరిగ్గా ఆరు వచ్చినయ్. సెట్టింగ్స్‌లో పేరు ఇంగ్లీషులోకి మార్చినా ఫోల్డర్ పేరు మారలేదు, ఆట ఆగిపోయింది. ఇంగ్లీషు పేరుతో కొత్త అకౌంట్ చేసి చూసిన. ఆట తెరుచుకున్నది. మా చిన్నమ్మ కొడుకు పేరు ఇంగ్లీషులోనే ఉంది, అందుకే అక్కడ నడిచింది. తెలుగు, హిందీ, ఉర్దూ పేర్లున్న అందరికీ ఇది వస్తుందనుకుంటా.

సార్, ఐదు అంచెలు సాయంత్రం ఆరులోపు పూర్తి చేయలేను. రేపటి దాకా సమయం ఇవ్వండి. లేకపోతే దీన్నే నా రిపోర్టుగా తీసుకోండి."

నాకు అర్థమైంది. మొదటి పేరా ముగిసేలోపే అర్థమైంది. అర్థం కాలేదని రాసుకుంటే ఈ రాత ఇక్కడితో ఆపేయడం మంచిది.

మా ఆఫీసులో ఆరు కంప్యూటర్లు. ఆరింట్లోనూ పేర్లు ఇంగ్లీషులోనే. ఇంట్లో, బజార్లో తెలుగో ఉర్దూనో మాట్లాడే మేము, కంప్యూటర్ ముందు కూర్చోగానే మా పేర్లను ఇంగ్లీషులోనే టైపు చేస్తాం. ఇంకో రకంగా చేయొచ్చన్న ఆలోచన మాలో ఎవరికీ రాలేదు. మన బజార్లలో నడిచే ఆట తెలుగు పేరున్న కంప్యూటర్‌లో తెరుచుకోదు. ఆమె పంపింది ఫిర్యాదు కాదు, మేము వెతుకుతున్న మనిషి రాసే రిపోర్టు. ఒక్కొక్కటే మార్చి చూసింది. ప్రతిసారీ ఏం మార్చిందో, ఏం జరిగిందో రాసింది. తెలియనిది తెలిసినట్టు రాయలేదు.

ఆ ఉత్తరాన్ని భాయ్‌కి పంపడానికి ఒక మీట నొక్కితే చాలు. నొక్కితే దానితో పాటు నా రెండు జవాబులు కూడా వెళతాయి. ఉద్యోగం కోసం బతిమాలుతున్న పిల్లకు నేను పంపిన మూడో నంబరు, తొమ్మిదో నంబరు. మూడింటికి భాయ్ వస్తాడు. గోడ మీద ఒకటి ఉంటుంది.

నిమిషాలు గడిచాయి. కింద హార్డ్‌వేర్ దుకాణంలో ఇనుప గొట్టాలు కోస్తున్న చప్పుడు. మెట్ల మీద అడుగులు వినిపించాయి. నేను ఇలా టైపు చేశాను: "మీ సమస్య పరిష్కారమైనందుకు సంతోషం. రిపోర్టులు ఫారం ద్వారా మాత్రమే స్వీకరించబడును." ఆట తెరుచుకుందని ఆమే రాసింది కదా. నియమం ప్రకారం అది పరిష్కారమైన టికెట్టే. మూశాను.

భాయ్ లోపలికి వచ్చి టోపీ తీసి జేబులో పెట్టుకుంటూ గోడ వైపు చూశాడు.

"క్యా బాత్ హై అన్నా! గీ వారం కూడా జీరో. పోరగాండ్లు గింత మంది ఆడుతున్నరు, ఒక్క లొల్లి లేదా?"

"లేదు భాయ్. చిన్న చిన్నయి. సాఫ్ చేసేసిన" అన్నాను.

ఆమె మళ్లీ రాయలేదు.

ఉద్యోగం ఒక కుర్రాడికి వచ్చింది. మంచివాడే. ఆటోకు పసుపు రంగు మరీ ఎక్కువైందని, హారన్ చెవులు చిల్లులు పడేలా ఉందని రాశాడు. వచ్చిన రిపోర్టుల్లో అదే మేలైనది. భాయ్ అవన్నీ నా ముందు పరిచి "ఏందన్నా, ఒక్కడు కూడా దిమాగ్ పెట్టి రాయలే. రంగు గట్ల, సౌండ్ గిట్ల, గింతేనా?" అన్నాడు. నేను తల ఊపాను.

రెండు నెలలకు ఆట విడుదలైంది. మొదటి మూడు రోజులు సంబరంగా గడిచాయి. నాలుగో రోజు నుంచి తెరుచుకోగానే మూసుకుపోతోందన్న ఫిర్యాదులు మొదలయ్యాయి. ఊరు పేరు తెలియని వాళ్లందరూ తిట్టారు. భాయ్ లాగ్‌లు ముందేసుకుని కూర్చున్నాడు. ఆయన కూడా ప్రశ్నార్థకాలను చూసి, జనం పేర్లు దాచుకున్నారనే అనుకున్నాడు. పేరు కనిపించకుండా చేయండన్న మా వాక్యమే ఆయన కళ్లకూ గంతలు కట్టింది. మెమరీలో వెతికాడు, గ్రాఫిక్స్‌లో వెతికాడు. రెండు రోజులు సరిగ్గా తినలేదు. పక్కన కూర్చుని నేను చాయ్ తెప్పిస్తూనే ఉన్నాను. కారణం తెలిసి కూడా.

రెండో రోజు సాయంత్రం, ఇంతసేపూ ఆలోచించి కనిపెట్టిన వాడిలా అన్నాను: "భాయ్, యూజర్ పేరు ఇంగ్లీషుల లేకుంటే గిట్ల అయితదేమో చూడరాదు."

భాయ్ నా వైపు చూశాడు. కొత్త అకౌంట్ తెరిచి తన పేరు ఉర్దూలో టైపు చేశాడు. ఆట నల్లబడి మూసుకుపోయింది. కుర్చీ వెనక్కి పడేంత వేగంగా లేచి నన్ను కావలించుకున్నాడు. "అరె అన్నా! నువ్వు ఆర్టిస్టువి కావు, ప్రోగ్రామర్‌వి కావు, జాదూగర్‌వి!" కోడ్ సరిచేయడానికి ఆయనకు గంట కూడా పట్టలేదు. ఫోల్డర్ పేరును విండోస్ నుంచి తెచ్చే చోట పాత పద్ధతి వాడాడట. అన్ని భాషల అక్షరాలనూ మోసే పద్ధతికి మార్చాడు. ఫైల్ తెరుచుకోకపోతే కుప్పకూలకుండా ఒక సందేశం చూపించేలా చేశాడు. మరునాడు అందరికీ బిర్యానీ తెప్పించాడు. నా విస్తరిలో రెండు ముక్కలు ఎక్కువ వేయించాడు. తిన్నాను.

నేను ఊహించనిది తరువాత జరిగింది. భాయ్ మర్యాదస్తుడు. ఈ తప్పు వల్ల ఇబ్బంది పడిన వాళ్లందరికీ తానే క్షమాపణ రాస్తానన్నాడు. టికెట్లలో 123 అన్న ఎర్రర్ ఉన్నవన్నీ వెతికి తీశాడు. పాతవాటి నుంచి కొత్తవాటికి వరుసగా పేర్చుకున్నాడు. అన్నిటికంటే పైన, విడుదలకు రెండు నెలల ముందుది, ఆమె ఉత్తరం.

మిగిలిన వాళ్లను కిందికి పంపి నన్ను పిలిచాడు. గొంతు పెంచలేదు.

"అన్నా, ఇది చదివినవా నువ్వు?"

నేను తెర వైపే చూశాను.

"చదవలే అని చెప్పు. చదవలేదంటే మాఫ్ చేస్త. పని ఎక్కువుండె అనుకుంట."

అంత సులువైన దారి చూపించాడు. ఆ దారిలోనే పోవాలనిపించింది. కానీ నా ఆఖరి జవాబు తెర మీద ఉంది, సమస్య పరిష్కారమైనందుకు సంతోషమని.

"చదివిన భాయ్" అన్నాను.

"చదివి దాచినవ్. మల్ల మొన్న నీ దిమాగ్‌ల నుంచి వచ్చినట్టు చెప్పినవ్. నేను గలే మిలాయించిన." తన రెండు చేతులూ చూసుకున్నాడు. "గిదంతా ఆ సున్నా కోసమా?"

"సిగ్గనిపించింది భాయ్."

"నీకు సిగ్గు. ఆ పిల్లకు నౌకరీ పాయె." తెర వైపు తిరిగాడు. "నిన్ను తీసేస్తే నాకు దిల్ ఖుష్ అయితదేమో, ఆమెకు ఏం ఫాయిదా? ఇంకో పని ఉన్నది. వచ్చే ఆటకు ఇంకొక టెస్టర్ కావాలె. నువ్వే పోయి మాట్లాడు. మాఫీ అడుగు. తీసుకొనిరా."

ఆమె మొదటి టికెట్‌తో పాటు చిరునామా ఉంది. నిజంగానే పది నిమిషాల నడక. ఫ్లైఓవర్ వెనక సందులో పాల దుకాణం, దాని వెనక కొట్టంలో నాలుగు బర్రెలు, పక్కన ఇల్లు. దుకాణంలో ఆమే కూర్చుని ఉంది. కొలపాత్ర కడుగుతోంది. నేనెవరో చెప్పగానే చేతులు తుడుచుకుని లేచింది. లోపలి నుంచి వాళ్లమ్మ వచ్చింది.

"గేమ్ ఆఫీసు సారా? అయ్యో, కూసోండి సార్. మా పిల్ల ఎంత కష్టపడ్డదో ఆ నౌకరికి! వాళ్ల బాపును నెల రోజులు బతిమాలింది. గీడనే కదా, నడిచిపోయి నడిచొస్త అన్నది. సరే పో అన్నడు ఆయన. చాయ్ తెస్త ఉండుండ్రి."

తల్లి లోపలికి పోయింది. నేను చెప్పడం మొదలుపెట్టాను. ఆట తెరుచుకోకపోవడం మా తప్పేననీ, మీరు చెప్పిన కారణమే నిజమనీ, ఇప్పుడు సరిచేశామనీ. ఆమె వింది.

"అంటే నేను రాసింది కరెక్టేనా సార్?"

"నూటికి నూరు."

"నేనేమో మంచిగ రాయరాలే అనుకున్న. మూడుసార్లు రాసినా సారుకు సమజ్ కాలేదంటే నాకే చెప్పరాదు అనుకున్న. లాగ్ ఎక్కువ పెట్టిన్నా, తక్కువ పెట్టిన్నా అని ఎన్నిసార్లు చదువుకున్ననో." నవ్వబోయి ఆగింది. "గీ లైన్ మనకు అయ్యేది కాదులే అని ఫిక్స్ అయిపోయిన. ఇప్పుడు బ్యాంకు పరీక్షలకు చదువుతున్న."

"నా ఇన్నేళ్ల నౌకరిల అంత మంచి ఉత్తరం నాకెవరూ రాయలేదమ్మా."

"గప్పుడే చెప్పుంటే అయిపోవు కదా సార్."

తల్లి చాయ్ తెచ్చింది. ఉద్యోగం సంగతి చెప్పాను. తల్లి ముఖం వెలిగింది. "పోతది సార్, ఎందుకు పోదు? నేను వాళ్ల బాపుతోని మాట్లాడుత" అని నాకు మాటిచ్చేసింది. ఆ అమ్మాయి తల్లిని ఆపలేదు, నా వైపు చూసి అడిగింది.

"నేను తప్పులు పట్టి రాస్త. గా రిపోర్టులు ఎవరు చదువుతరు సార్?"

మా ఆఫీసులో రాత పనులన్నీ నా దగ్గరికే వస్తాయి. టెస్టర్ రాసింది నేను చదివి, ముఖ్యమైనవి ఏరి భాయ్‌కి ఇస్తాను.

"నేనే" అన్నాను.

"మీరు చదవకుండ మూసిన్రా సార్, చదివి మూసిన్రా?"

భాయ్‌తో ఒకసారి చెప్పాను కాబట్టి రెండోసారి సులువవుతుందనుకున్నాను. కాలేదు. "చదివి" అన్నాను.

ఆమె కాసేపు కొలపాత్రను చేతిలో తిప్పింది. "అయితే వద్దు సార్" అంది. "మీరు చదివేటట్టయితే నాకొద్దు. ఇంకెవరన్న చదివితే చెప్పండి, వస్త."

తల్లి ఆమెను కసురుకుంది. నాకు క్షమాపణ చెప్పింది. నేను చాయ్ పూర్తిగా తాగి, గ్లాసు గల్లా పక్కన పెట్టి లేచాను.

ఆఫీసుకు తిరిగి వస్తూ లెక్క వేసుకున్నాను. భాయ్‌కి ఆమె అన్న మాట అన్నట్టుగా చెబితే ఏం చేస్తాడో నాకు తెలుసు. ఒక్క నిమిషం కూడా ఆలోచించడు. ఆమె రిపోర్టులు తానే చదువుతానంటాడు. మెల్లగా మిగతా వాళ్ల రిపోర్టులు కూడా ఆయన దగ్గరికే పోతాయి. నాకు డ్రైవర్ అప్‌డేట్ చేసుకోండని రాసే పని మిగులుతుంది. న్యాయం అదే. నలభై ఆరేళ్ల వయసులో, పదో తరగతి చదివే కూతురున్న ఇంట్లో, ఆ న్యాయానికి నేను సిద్ధంగా లేను. ఇలా రాసుకుంటే ఏదో పెద్ద కష్టంలా కనిపిస్తుంది. నిజానికి నా జీతం తగ్గేది కాదు, కుర్చీ మారేది కాదు. ఆమె రాసిన దానికీ భాయ్‌కీ మధ్య నేను ఉండకపోయేవాణ్ని, అంతే.

మెట్లెక్కి లోపలికి వెళ్లగానే భాయ్ హెడ్‌ఫోన్లు తీశాడు.

"ఏమన్నది అన్నా?"

"రానన్నది భాయ్."

"ఎందుకు? ఇంకా గుస్సా ఉన్నదా?"

వాళ్లమ్మ ముఖం నా కళ్ల ముందే ఉంది. నడిచిపోయి నడిచొస్తా అని పిల్ల తండ్రిని నెల రోజులు బతిమాలిందన్న ఆమె మాట నా చెవుల్లోనే ఉంది.

"ఇంట్ల ఒప్పుకుంటలేరట" అన్నాను.

భాయ్ నమ్మాడు. నమ్మడానికి ఆయన ఏమీ కష్టపడాల్సిన అవసరం లేకపోయింది. పాతబస్తీలో ఆడపిల్ల ఉద్యోగానికి రాలేదంటే కారణం అదేనని మా ఊళ్లో అందరూ ముందే నమ్మి ఉంటారు. నేను ఆ నమ్మకాన్ని వాడుకున్నాను. ఒప్పుకున్న తండ్రి మీద, పంపుతానని నా ముందే అన్న తల్లి మీద నా తప్పు వేసేశాను.

"ఏం చేస్తం, మన దిక్కు గింతే" అని నిట్టూర్చి, భాయ్ హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. నేను నా కుర్చీలో కూర్చుని ఆ రోజు వచ్చిన టికెట్లు తెరిచాను.